హైఫన్ ఎక్కడ పెట్టాలి? కోడిపిల్లలు నేర్పిన లెక్క

ప్రశ్న: "లాంగ్-టర్మ్ ప్లాన్, వెల్-నోన్ ఆథర్ అని మధ్యలో హైఫన్ పెట్టి రాస్తారు. ఇవే మాటలు ఇంకోచోట హైఫన్ లేకుండా కనిపిస్తాయి. హైలీ పెయిడ్‌కి అసలే పెట్టొద్దంటారు. ఆఫీసులో ఇంగ్లిష్ రిపోర్టు రాసిన ప్రతిసారీ ఇదే టెన్షన్. ఏ లెక్కన పెట్టాలి?"

నేను ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను. హైఫన్ ఎందుకుందో నాకు వ్యాకరణ పుస్తకంలో కాదు, ఒక కోళ్ల పెంపకం పుస్తకంలో అర్థమైంది. ముందు ఆ సంగతి చెప్తాను. మీ ప్రశ్నకు జవాబు దాదాపు అంతా అందులోనే ఉంది.

పల్లెటూళ్లలో పెరటి కోళ్లు పెంచుకునే కుటుంబాల కోసం ఒక సంస్థ శిక్షణ పుస్తకం వేస్తోంది. ఇంగ్లిష్ ప్రతి నాకు పంపారు. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "ఈచ్ ఫ్యామిలీ విల్ రిసీవ్ 30 డే ఓల్డ్ చిక్స్." ఎక్కడా హైఫన్ లేదు. నేను "ఒక్కో కుటుంబానికి 30 రోజుల వయసున్న కోడిపిల్లలు ఇస్తారు" అని రాశాను. నాకు అనుమానం కూడా రాలేదు. ఎందుకంటే పెరటి కోళ్ల పథకాల్లో పిల్లల్ని నాలుగు వారాలు ఒకచోట పెంచి, కాస్త గట్టిపడ్డాక ఇళ్లకు ఇవ్వడం మామూలే.

ప్రూఫు చూసిన పశువైద్యుడు ఫోన్ చేశారు. "ఏమండీ, ఇది చదివితే నెల పిల్లలు వస్తాయని ఎదురుచూస్తారు. మేం ఇచ్చేది ఒకరోజు పిల్లలు. ముప్పై పిల్లలు" అన్నారు. హేచరీలో గుడ్డు నుంచి బయటికొచ్చిన రోజునే పెట్టెల్లో పెట్టి పంపే పిల్లలన్నమాట. ఒకరోజు పిల్లకి ఒంటిమీద నూగు తప్ప ఈకలుండవు. మొదటి వారం దానికి దాదాపు 35 డిగ్రీల వేడి కావాలి. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోతారు. బల్బు, చుట్టూ అట్టతో కట్టిన గుండ్రటి దడి, కింద వరిపొట్టు, ఇవన్నీ పిల్లలు రాకముందే సిద్ధంగా ఉండాలి. నెల పిల్లకైతే ఈకలొచ్చేసి ఉంటాయి కాబట్టి ఈ హంగామా అక్కర్లేదు. నా వాక్యం నమ్మి దడి కట్టకుండా ఉంటే, పిల్లలు మొదటి రాత్రే చలికి ఒకదానిమీద ఒకటి ఎక్కి చచ్చిపోయేవి.

నేను పట్టుకోవాల్సిన ఆధారాలు అందులోనే ఉన్నాయి. నా వాక్యంలో వయసు ఉంది గానీ ఎన్ని పిల్లలో లేదు. పథకం గురించి చెప్పే వాక్యంలో సంఖ్య లేకపోవడమే మొదటి అనుమానం కావాలి. రెండోది, తర్వాతి పేజీ మొత్తం బల్బు ఎంత ఎత్తులో వేలాడదీయాలో చెప్తోంది. నెల పిల్లలకు బల్బెందుకు?

ఇప్పుడు ఆ నాలుగు మాటల్నీ హైఫన్‌తో చూడండి. "30 డే-ఓల్డ్ చిక్స్" అంటే ఒకరోజు వయసున్న ముప్పై పిల్లలు. "30-డే-ఓల్డ్ చిక్స్" అంటే ముప్పై రోజుల వయసున్న పిల్లలు, ఎన్నో తెలీదు. మాటలు అవే, వరస అదే. ఏ మాట ఏ మాటతో జత కట్టిందో చెప్పడమొక్కటే హైఫన్ చేసే పని.

తెలుగులోనూ ఈ చిక్కు ఉంది. కాకపోతే మనం దాన్ని వేరేలా దాటేస్తాం. "పాత పుస్తకాల షాపు" అంటే పుస్తకాలు పాతవా, షాపు పాతదా? అలవాటు వల్ల పుస్తకాలే పాతవని అందరికీ తెలుసు. షాపు పాతదని చెప్పాలంటే మాట జరిపి "పుస్తకాల పాత షాపు" అంటాం. ఇంగ్లిష్‌లో అలా మాటని మధ్యలోకి జరపడానికి వీలుపడదు. అందుకే "ఓల్డ్-బుక్ షాప్" అని గీత పెట్టి, పాతవి పుస్తకాలని చెప్పాల్సి వస్తుంది.

ఆ పుస్తకం తర్వాత నేను ఒక పరీక్ష అలవాటు చేసుకున్నాను. నామవాచకం ముందు రెండు మాటలున్నప్పుడు ఒక్కొక్కదాన్ని విడిగా ఆ నామవాచకానికి తగిలించి చూస్తాను. "వెల్-నోన్ ఆథర్" తీసుకోండి. నోన్ ఆథర్ అంటే ఏదో అర్థముంది గానీ వెల్ ఆథర్ అనే మాటే లేదు. అంటే వెల్ వెళ్లి నోన్‌ని పట్టుకుంది, రెండూ కలిసి ఆథర్ మీదికి వచ్చాయి. హైఫన్ కావాలి. "బిగ్ రెడ్ బస్"లో బస్సు పెద్దదే, ఎర్రదే. రెండూ విడివిడిగా బస్సుకే చెందుతాయి కాబట్టి హైఫన్ వద్దు.

మీరడిగిన "లాంగ్-టర్మ్ ప్లాన్" మన దేశంలో ఇంకాస్త జాగ్రత్తగా రాయాల్సిన మాట. జీవిత బీమాలో టర్మ్ ప్లాన్ అని ఒక రకం పాలసీ ఉందిగా. ఇన్సూరెన్స్ కాగితాల్లో హైఫన్ లేకుండా "లాంగ్ టర్మ్ ప్లాన్" అని ఉంటే, ఎక్కువ ఏళ్లకు తీసుకున్న టర్మ్ పాలసీయా, దీర్ఘకాలిక ప్రణాళికా అన్నది చదివేవాళ్లు ఊహించుకోవాలి. ఒక్క గీతతో ఆ ఊహ అవసరం తప్పుతుంది.

ఇక ఇవే మాటలు హైఫన్ లేకుండా ఎందుకు కనిపిస్తాయంటే, అక్కడ అవి నామవాచకం ముందు లేవు. "ది ఆథర్ ఈజ్ వెల్ నోన్" అన్నప్పుడు ఆథర్ ముందే వచ్చేసింది. వెల్ దేనితో కలవాలన్న సందేహం లేదు, పక్కన నోన్ ఒక్కటే ఉంది. అమెరికన్ పబ్లిషర్లు ఎక్కువగా అనుసరించే షికాగో మాన్యువల్ కూడా ఇలాంటి చోట హైఫన్ తీసేయమంటుంది. "ఇన్ ది లాంగ్ టర్మ్" అన్నప్పుడు టర్మే నామవాచకం, లాంగ్ దానికి మామూలు విశేషణం. అక్కడ హైఫన్ పెడితే తప్పు. మన ఆఫీసు కాగితాల్లో నాకు ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. ఒకసారి లాంగ్-టర్మ్ అని నేర్చుకుని, కనిపించిన ప్రతిచోటా గీత పెట్టేస్తారు.

ఒక చిన్న మినహాయింపు. లాంగ్-టర్మ్‌ని డిక్షనరీలు హైఫన్‌తో కలిపి ఒకే విశేషణంగా ఇస్తాయి. అందుకని "ది ఎఫెక్ట్స్ ఆర్ లాంగ్-టర్మ్" అని వాక్యం చివర కూడా చాలామంది హైఫన్ ఉంచేస్తారు. అది తప్పు కాదు. ఒక రిపోర్టులో ఒకటే పద్ధతి పాటిస్తే చాలు.

హైలీ పెయిడ్ సంగతికి వద్దాం. చివర ఎల్, వై అక్షరాలున్న క్రియావిశేషణం నామవాచకాన్ని పట్టుకోలేదు. "హైలీ ఆఫీసర్" అని ఎవరూ చదవరు. జత ఏదో ఆ మాట చివరే చెప్పేస్తోంది కాబట్టి "హైలీ పెయిడ్ ఆఫీసర్"కి గీత అనవసరం. వెల్, ఫాస్ట్, హార్డ్, లాంగ్ లాంటి మాటలకు అలాంటి గుర్తు లేదు. వాటిని చూస్తే విశేషణమో క్రియావిశేషణమో తెలీదు, అందుకే వాటికి హైఫన్ ఆసరా కావాలి. కానీ చివరి రెండు అక్షరాలు చూసి మోసపోకండి. ఫ్యామిలీ నామవాచకం, ఫ్రెండ్లీ విశేషణం. అందుకే "ఫ్యామిలీ-ఓన్డ్ హోటల్", "ఫ్రెండ్లీ-లుకింగ్ డాగ్" అనే రాయాలి.

ఇంతవరకూ కచ్చితంగా చెప్పొచ్చు. దీని తర్వాత అభిప్రాయ భేదాలున్నాయి. "హై స్కూల్ స్టూడెంట్", "రియల్ ఎస్టేట్ ఏజెంట్", "ఇన్‌కమ్ టాక్స్ నోటీస్" లాంటివాటికి నా పరీక్ష పెడితే హైఫన్ కావాలనే వస్తుంది. అయినా ఎక్కువమంది పెట్టరు. హై స్కూల్ అన్నది జనం నోట్లో ఇప్పటికే ఒకే మాటగా కుదురుకుంది, దాన్ని ఎవరూ విడదీసి చదవరు. అయితే ఏ మాట అంతగా కుదురుకుందో ఎవరు చెప్పాలి? అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వేసే, అమెరికా విలేకరులు వాడే ఏపీ స్టైల్‌బుక్ 2019లో, బాగా అలవాటైన జంటలకు హైఫన్ వద్దని చెప్తూ అమెరికన్ ఫుట్‌బాల్ మాట "ఫస్ట్ క్వార్టర్ టచ్‌డౌన్"ని ఉదాహరణగా ఇచ్చింది. వెంటనే విమర్శలు రావడంతో ఆ ఉదాహరణని అదే ఏడాది వెనక్కి తీసుకుని మళ్లీ హైఫన్ పెట్టమంది. ఇదే పనిగా పెట్టుకున్నవాళ్లే ఇలా మనసు మార్చుకున్నారు కాబట్టి, ఇలాంటి మాటల దగ్గర మీరు తడబడితే అది మీ ఇంగ్లిష్ లోపం అనుకోకండి.

నేనైతే అక్కడ ఒక్కటే చూస్తాను: తప్పుగా చదివితే అర్థం మారుతుందా? "స్మాల్ బిజినెస్ ఓనర్"ని అలవాటు మీద వదిలేసేవాళ్లు చాలామంది. లోన్ అర్హత గురించిన కాగితమైతే మాత్రం నేను "స్మాల్-బిజినెస్ ఓనర్" అనే రాస్తాను. చిన్నది వ్యాపారం, యజమాని కాదు.

అంకెలున్నచోట ఇంకో మెలిక గుర్తుంచుకోండి. నామవాచకం ముందు వస్తే ఏకవచనం, హైఫన్: "ఫైవ్-ఇయర్ ప్లాన్", "30-డే-ఓల్డ్ చిక్స్". తర్వాత వస్తే బహువచనం, హైఫన్ లేదు: "ది చిక్స్ ఆర్ 30 డేస్ ఓల్డ్." "ఫైవ్-ఇయర్స్ ప్లాన్" అని రాయాలనిపిస్తే మన "ఐదేళ్ల ప్రణాళిక" చేతికి అడ్డం పడుతోందన్నమాట. మనం ఏళ్లు అని బహువచనం వాడతాం, వాళ్లు వాడరు. వయసు చెప్పే మూడు మాటల జతలో రెండు హైఫన్లూ ఉండాలి. "30 డే-ఓల్డ్" అని ఒకటి వదిలేస్తే ఏమవుతుందో పైన చూశారుగా.

ఆ కోళ్ల పుస్తకంలో చివరికి తెలుగు వాక్యాన్ని "ఒక్కో కుటుంబానికి ముప్పై కోడిపిల్లలు ఇస్తారు. అవి ఒకరోజు వయసు పిల్లలు" అని రెండు ముక్కలు చేశాను. ఇంగ్లిష్ ప్రతిని కూడా సరిచేయమని అడిగారు. "30 డే-ఓల్డ్ చిక్స్" అంటే వ్యాకరణం ప్రకారం సరిపోతుంది. కానీ అచ్చులో ఒక్క గీత ఎగిరిపోయినా మళ్లీ అదే ప్రమాదం. అందుకని "30 చిక్స్, ఈచ్ వన్ డే ఓల్డ్" అని మార్చి పంపాను.