అత్తమ్మ తెచ్చే మోషన్స్ బిళ్ళలు

"నమస్తే మేడమ్. మాది చీమకుర్తి పక్కన పల్లె, మా ఆయన క్వారీలో పని చేస్తాడు. నడుం దెబ్బ తిన్నప్పుడు నొప్పికి వేసే ట్రమడాల్ అలవాటైంది, చీటీ లేకుండా అవి ఇవ్వటం మానేశాక ఇప్పుడు మోషన్స్‌కి వేసే లోపెరమైడ్ షీట్లు షీట్లు మింగుతున్నాడు. నిన్న బాత్రూం ముందర పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాడు, నిమిషంలో లేచి మామూలుగా మాట్లాడాడు. ఆర్‌ఎంపీ ఫిట్స్ అన్నాడు. ఒంగోలులో ఈసీజీ తీస్తే కాగితం మీద క్యూటీసీ 556 అని ఉంది, అడ్మిట్ అవ్వమన్నారు, అత్తమ్మ ఇంటికి తీసుకొచ్చేసింది. ఆడబిడ్డకి సంబంధం కుదిరింది, బిళ్ళల సంగతి బయట చెప్పబాకు, ఫిట్స్ అనే చెప్దాం అంటోంది. ఆ బిళ్ళలు తెచ్చిచ్చేది కూడా ఆమే. పెళ్ళి అయ్యేదాకా ఊరుకోనా, పాపని తీసుకుని పుట్టింటికి పోనా?"

అమ్మాయీ, ఇది చదివే టైంకి మీ ఆయన ఇంట్లోనే ఉంటే ముందు 108కి ఫోన్ చెయ్యి. ఊరుకోవాలా పుట్టింటికి పోవాలా అనేది ఇవాళ తేల్చుకునే సంగతి కాదు. బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకుపోబాకండి, దారిలో ఇంకోసారి పడిపోతే పట్టుకోవటానికి కూడా కుదరదు. ఈసీజీ మిషన్, ఐసీయూ ఉన్న ఆసుపత్రికే పోవాలి. ఖాళీ షీట్లు ఎన్ని దొరికితే అన్నీ ఒక కవర్లో వేసుకో, ఆ ఈసీజీ కాగితం కూడా పెట్టుకో.

నువ్వు రాసిన దాంట్లో నన్ను కూర్చోనివ్వకుండా చేసింది ఆ 556. గుండె ఒకసారి కొట్టుకున్నాక, మళ్ళీ కొట్టుకోవటానికి దాని కండ లోపల కరెంటు తిరిగి సర్దుకోవాలి, ఆ మొత్తానికి పట్టే టైంని మిల్లీసెకండ్లలో చూపించే లెక్కే క్యూటీసీ. మగవాళ్ళకి 450 లోపు ఉంటే మామూలు. 500 దాటిందంటే ఏ డాక్టరైనా లేచి నిలబడతాడు. పొటాషియం కండలోంచి బయటికి పోయే సన్నటి దారులుంటాయి, ఆ కరెంటు సర్దుకునేది వాటివల్లే, లోపెరమైడ్ ఎక్కువైతే ఆ దారుల్నే మూసేస్తుంది. అప్పుడు గుండె ఇంకా సిద్ధం కాకముందే తర్వాతి దెబ్బ వచ్చి పడుతుంది, లయ తప్పి గుండె కొట్టుకోవటం మానేసి వణుకుతున్నట్టు అయిపోతుంది. డాక్టర్లు దీన్ని టోర్సాడ్స్ అంటారు. ఆ కాసేపు మెదడుకి రక్తం అందదు, మనిషి నిలుచున్నోడు నిలుచున్నట్టే పడిపోతాడు, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాడు. అదృష్టం బాగుంటే దానంతటదే సర్దుకుని లేచి కూర్చుంటాడు. బాగోకపోతే ఇక లేవడు.

చూసేవాళ్ళకి ఇది అచ్చం ఫిట్స్ లాగే ఉంటుంది, ఆర్‌ఎంపీని నేను తప్పు పట్టను. కానీ పెద్ద ఫిట్స్ వచ్చినవాడు సాధారణంగా లేచాక చాలాసేపు మత్తుగా, ఎక్కడున్నాడో తెలియనట్టు ఉంటాడు, నాలుక పక్కన కొరుక్కుని ఉంటాడు. మీ ఆయన నిమిషంలో లేచి మామూలుగా మాట్లాడాడని నువ్వే రాశావు. పడిపోయే ముందు గుండె దడ, కళ్ళు బైర్లు కమ్మటం ఉందేమో అడుగు. ఇవి చూసి ఇంట్లో తేల్చేసుకునేది కాదు, ఆ ఈసీజీతో కలిపి చూసినప్పుడు మాత్రం నాకు గుండె మీదే అనుమానం. అలాంటి మనిషికి ఫిట్స్ అని పేరు పెట్టి ఫిట్స్ బిళ్ళలు వేయిస్తే అవి ఆ గుండెకి చేసేదేమీ లేదు, అసలు కారణం జేబులో షీట్ల రూపంలో అలాగే ఉంటుంది.

అత్తమ్మ అంటుంది చూడు, మోషన్స్ బిళ్ళే కదా అని. మీ అత్తమ్మే కాదు, చాలామంది అలాగే అనుకుంటారు, ఎందుకంటే మామూలు మోతాదులో అది నిజంగానే మంచి మందు. ఒక్కో బిళ్ళ 2 మిల్లీగ్రాములు, డాక్టర్ చెప్పి వాడినా పెద్దవాళ్ళకి రోజుకి 16 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే ఎనిమిది బిళ్ళలు. పది బిళ్ళల షీట్ ఒక్కటి మింగినా ఆ గీత దాటినట్టే, మీ ఇంట్లో షీట్లు షీట్లు పోతున్నాయి. ఇది ట్రమడాల్, మార్ఫిన్ పనిచేసే చోటే పనిచేసే మందు, కాకపోతే పేగుల దాకే. మెదడు గడప దగ్గర వాచ్‌మన్ లాంటి ఒక ప్రోటీన్ ఉండి, లోపలికి రాబోయిన దాన్ని వచ్చినట్టే బయటికి నెట్టేస్తుంది. గుప్పెళ్ళకొద్దీ మింగితే ఆ వాచ్‌మన్ చేతిలోంచి కొంత జారిపోయి మెదడుకి చేరుతుంది, ట్రమడాల్ దొరక్క ఒళ్ళంతా లాగేసే మనిషికి అదే కాస్త ఊరట. కానీ ఆ కాస్త ఊరట కోసం రక్తంలోకి ఎంత ఎక్కించాడో అదంతా గుండె మీద పడుతుంది.

2018లో మన దేశంలో ట్రమడాల్‌ని మత్తుమందుల చట్టం కిందకి తెచ్చారు, అది సరైన పనే, కానీ అలవాటు పడినవాళ్ళని పట్టించుకునే మనిషి ఇంట్లో లేకపోతే వాళ్ళు ఇలాగే దొరికిన దానివైపు మళ్ళుతారు. అమెరికాలో ఇలాగే ట్రమడాల్, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ మందులు దొరకనివాళ్ళు లోపెరమైడ్ మింగి గుండె ఆగి పోతున్నారని అక్కడ మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరిక ఇచ్చింది, 2018లో ప్యాకెట్‌లో బిళ్ళలు తగ్గించమని కంపెనీలని అడిగింది.

ఇక అసలు సంగతికి వస్తా. నీ ఉత్తరంలో మొగుడి మీద కోపం ఉంది, నాకు మాత్రం మీ ఇంట్లో ముందు తెగాల్సింది ఆ తల్లీకొడుకుల లెక్క అనిపిస్తోంది. ఒళ్ళు నొప్పులతో, వాంతులతో, మోషన్స్‌తో కొడుకు మెలికలు తిరుగుతుంటే చూడలేక ఆమె పోయి షీట్లు తెస్తుంది. మందు ఆగినప్పుడు వచ్చే బాధలు అవి, దాన్ని ఆమె జబ్బు అనుకుంటోంది, బిళ్ళ వేస్తే తగ్గుతుంది కాబట్టి బిళ్ళే వైద్యం అనుకుంటోంది. ఆమెది ప్రేమ కాదని నేను అనను. కానీ కొడుక్కి 31 ఏళ్ళో 35 ఏళ్ళో, పెళ్ళాం ఉంది, పాప ఉంది, వాడి బాధ వాడు పడి డాక్టర్ ముందు కూర్చోవాల్సిన వయసు, ఆ పని వాడు ఎప్పటికీ చెయ్యనక్కర్లేకుండా తల్లే అడ్డం నిలబడుతోంది. నువ్వేమో కోడలివని నోరు మూసుకుని షీట్లు లెక్కపెడుతూ కూర్చున్నావు. నా మాట కటువుగా ఉంటే ఉండనీ, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకపోవటం మర్యాదే, కానీ మొగుడి ప్రాణం మీదకొచ్చినప్పుడు డాక్టర్‌కి అబద్ధం చెప్పమంటే వినాల్సిన బాధ్యత ఏ కోడలికీ లేదు.

ఆ అబద్ధం ఎలా చంపుతుందో విడమర్చి చెప్తా, అత్తమ్మకి కూడా ఇదే చదివి వినిపించు. బిళ్ళలు ఆగి వాంతులు మొదలవుతాయి, క్యాజువాలిటీకి పోతారు, ఫిట్స్ మనిషి, వాంతులు అంటారు. వాళ్ళు మామూలుగా వాంతులకి చేసే ఆన్‌డాన్‌సెట్రాన్ ఇంజెక్షన్ చేస్తారు. అది కూడా ఈ క్యూటీని పొడిగించే మందే. మోషన్స్ ఉన్నాయని ఆఫ్లాక్సాసిన్ రాస్తారు, దాని గుణమూ కొంత అదే. వాంతులతో, మోషన్స్‌తో ఒంట్లో పొటాషియం అప్పటికే పడిపోయి ఉంటుంది, అది పడిపోయిన కొద్దీ టోర్సాడ్స్ వచ్చే ఛాన్స్ పెరుగుతుంది. అక్కడ ఎవరి తప్పూ లేదు, వాళ్ళకి తెలిసిన దానికి వాళ్ళు వైద్యం చేశారు. యూరిన్ టెస్ట్‌లో తెలిసిపోతుందిలే అనుకోబాకు, ఆసుపత్రుల్లో మత్తుమందులకి చేసే మామూలు యూరిన్ టెస్ట్ లోపెరమైడ్‌ని పట్టదు. నీ నోటి మాటే వాళ్ళకి ఆధారం.

క్యాజువాలిటీలో ఇంతే చెప్పు: "ఈయన రోజూ ఇన్ని షీట్లు లోపెరమైడ్ వేసుకుంటున్నాడు, ఆఖరుగా ఫలానా టైంకి వేసుకున్నాడు, నిన్న పడిపోయాడు, క్యూటీసీ 556 వచ్చింది." ఈ ఒక్క ముక్కతో వాళ్ళు చేసే పనే మారిపోతుంది. మానిటర్ తగిలిస్తారు, పొటాషియం, మెగ్నీషియం చూస్తారు, మెగ్నీషియం నరం ద్వారా ఎక్కిస్తారు, గుండె లయ తప్పుతూనే ఉంటే పేసింగ్ అని మిషన్‌తో సన్నటి కరెంటు ఇచ్చి గుండెని కాస్త వేగంగా కొట్టిస్తారు. ఊపిరి మందగిస్తే ఓపియాయిడ్‌కి విరుగుడైన నాలోక్సోన్ ఇస్తారు, అది ఊపిరికి పనికొస్తుంది, గుండె లయ మాత్రం దాంతో సర్దుకోదు. రెండు గంటల్లో బాగున్నాడు కదా అని మళ్ళీ లేపుకుని రాబాకండి. మామూలు మోతాదులోనే ఈ మందు సగం తగ్గటానికి దాదాపు 11 గంటలు పడుతుంది, ఇంతింత మింగినప్పుడు ఇంకా ఎక్కువ, ఈసీజీ రోజుల తరబడి సర్దుకోకుండా ఉంటుంది. రెండో రోజు పడిపోవటం కూడా జరిగేదే.

ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే పని కూడా చెయ్యబాకు. బిళ్ళలు ఆగాల్సిందే, కాకపోతే మానిటర్ ముందర ఆగాలి. గుండె కుదుటపడ్డాక ఆసుపత్రిలోనే సైకియాట్రీ వాళ్ళని చూపించమని అడుగు, ఓపియాయిడ్ అలవాటుకి బుప్రెనార్ఫిన్ అని నాలుక కింద పెట్టే బిళ్ళ ఉంది, డీఅడిక్షన్ సెంటర్లలో డాక్టర్ చూస్తూ ఇస్తారు. మెథడోన్ అనే మందు కూడా ఇదే క్యూటీని పొడిగిస్తుంది కాబట్టి ఎవరైనా దాని పేరు ఎత్తితే ఈ ఈసీజీ చూపించు. దగ్గర్లో సెంటర్ ఎక్కడుందో 14446కి ఫోన్ చేస్తే చెప్తారు. అసలు నడుం నొప్పి ఉండనే ఉంది, అది చూపించకుండా వాడిని మళ్ళీ లోడింగ్‌కి పంపిస్తే తిరిగి బిళ్ళల దగ్గరికే వస్తాడు, ఆర్థోపెడిక్ దగ్గరికి కూడా తీసుకుపో.

ఆడబిడ్డ పెళ్ళి సంగతి. పెళ్ళికొడుకు వాళ్ళకి మీరు ఈసీజీ కాగితాలు పంచనక్కర్లేదు, అన్నకి గుండెలో ఇబ్బంది వచ్చి ఆసుపత్రిలో ఉన్నాడంటే అది నిజమే. ఊరికి చెప్పకపోవటం వేరు, డాక్టర్‌కి చెప్పకపోవటం వేరు, అత్తమ్మ ఈ రెండూ కలిపేసుకుంది. ఆ అమ్మాయికి కూడా విషయం చెప్పు, తన పెళ్ళి కోసం అన్నని ఇలా దాస్తున్నారని తెలిస్తే వాళ్ళమ్మ దగ్గర కూర్చుని మాట్లాడగలిగేది ఆ ఇంట్లో ఆమే. షీట్లు ఇస్తున్న మెడికల్ షాపులకి మీ అత్తమ్మనే వెంట పెట్టుకుని పో, ఇంక ఇయ్యబాకండి అని ఆమె నోటితోనే చెప్పించు. మీ మామగారి గురించి ఒక్క ముక్క రాయలేదు నువ్వు, ఉంటే ఆయన్ని అంబులెన్స్ ఎక్కించు, ఆడవాళ్ళ మధ్య దాచుకునే సంగతి కాదిది.

పుట్టింటి సంగతి వాడు ఆసుపత్రి నుంచి వచ్చి, బుప్రెనార్ఫిన్ మీద నిలబడతాడో లేదో చూశాక నాకు మళ్ళీ రాయి, అప్పుడు మాట్లాడదాం. మళ్ళీ పడిపోయి పిలిస్తే పలక్కుండా, ఊపిరి లేకుండానో, ఆగి ఆగి ఎగపీల్చినట్టో ఉంటే నోట్లో తాళాలు పెట్టబాకు, ఉల్లిపాయ వాసన చూపిస్తూ కూర్చోబాకు. వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా, వేగంగా, నిమిషానికి వందకి తగ్గకుండా నొక్కుతూ ఉండు, 108 వచ్చేదాకా ఆపబాకు, చేతులు నొప్పి పుడితే అత్తమ్మని నొక్కమను.