వైరు ఉండగా హాట్‌స్పాట్ ఎందుకు?

"ఇంటి నుంచే ఉద్యోగం. మా ఊళ్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు, ఫోన్ హాట్‌స్పాటే గతి. మధ్యాహ్నానికల్లా బ్యాటరీ అయిపోతోంది, మీటింగ్ మధ్యలో నెట్ పోతోంది. యూఎస్‌బీ, బ్లూటూత్ టెథరింగ్‌లలో ఏది మేలు?"

యూఎస్‌బీ. ఇదే ఉత్తరం నెలకోసారైనా వస్తుంది. ఫోన్ పక్కనే ఉంటుంది, చార్జింగ్ వైరు చేతిలోనే ఉంటుంది, అయినా గాలిలోనే పంపిస్తారు! హాట్‌స్పాట్ పెడితే ఫోన్ ఒక వైపు టవర్‌తో, మరో వైపు వైఫైలో ల్యాప్‌టాప్‌తో మాట్లాడాలి. వైరు పెడితే రెండో పని తప్పుతుంది, పైగా కాస్త చార్జ్ కూడా ఎక్కుతుంది. మామూలు యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 2.5 వాట్లే కాబట్టి బ్యాటరీ గబగబా నిండదు, కానీ అంత త్వరగా పడిపోదు. కరెంటు పోయినప్పుడు మాత్రం ఆ చార్జ్ ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచే పోతుంది. టవర్ సిగ్నలే బాగోకపోతే ఏ వైరూ ఏమీ చేయలేదు.

ఆండ్రాయిడ్‌లో USB tethering బటన్ వెలగకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. చార్జింగ్‌కు తప్ప డేటాకు పనికిరాని కేబుళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. కేబుల్ ఒక్కసారి ఊడితే టెథరింగ్ ఆగిపోతుంది, మళ్లీ సెట్టింగ్స్‌లో వెతుక్కోవాలి. ఇలా రూపొందించినవాళ్లు దీన్ని ఒక్కరోజైనా వాడారా అని నా అనుమానం. Developer options లో Default USB configuration ని USB tethering గా మారిస్తే ఆ బాధ తప్పుతుంది. విండోస్ దీన్ని ఈథర్‌నెట్ అనుకుని అప్‌డేట్లు ధారాళంగా దించేస్తుంది. ఆ కనెక్షన్‌కు Metered connection ఆన్ చేయండి.

బ్లూటూత్ బ్యాటరీని తక్కువే తింటుంది, కానీ వేగం బాగా కుదిరితే 2 ఎంబీపీఎస్. 100 ఎంబీ ఫైలుకు ఏడు నిమిషాలు కూర్చోవాలి. మెయిల్ చూసుకోవడానికి సరే, వీడియో మీటింగ్‌కు వద్దు.

నాకు అసలు టెన్షన్ హాట్‌స్పాట్ పాస్‌వర్డ్‌తోనే. సగం మంది తమ ఫోన్ నంబరే పెడతారు. మీ ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్‌కు కలిసే ఆ క్షణంలో జరిగే సంభాషణను దగ్గర్లో ఉన్నవాడు రికార్డు చేసుకుంటే చాలు. తర్వాత ఇంటికెళ్లి తీరిగ్గా ఒక్కో నంబరూ సరిచూసుకుంటాడు, ఇక మీ పక్కన ఉండాల్సిన పనే లేదు. 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పదంకెల నంబర్లు మొత్తం 400 కోట్లు. మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డుకు అది గంటో రెండు గంటలో పని. ఆ తర్వాత వాడు మీ నెట్‌తో ఏం చేసినా అది మీ సిమ్ పేరు మీదే నమోదవుతుంది. ప్రయాణంలో హాట్‌స్పాట్ తప్పనప్పుడు పదహారు అక్షరాల అర్థంలేని పాస్‌వర్డ్ పెట్టండి, రెండు పరికరాలూ ఒప్పుకుంటే హాట్‌స్పాట్ సెక్యూరిటీలో WPA3 ఎంచుకోండి, దిగేముందు ఆఫ్ చేయండి.