ఆపరేషన్ బాగా జరిగినా ఆ కంటికి చూపెందుకు రాలేదు?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. ఎడమ కంట్లో తెల్లగా ఉందని మూడో నెలలో గమనించాం. పుట్టుశుక్లం అన్నారు. అయిదో నెలలో ఆపరేషన్ చేయించి, అప్పటి నుంచీ కాంటాక్ట్ లెన్స్ వాడుతున్నాం. కన్ను శుభ్రంగా ఉందంటున్నారు కానీ, ఆ కంటితో చార్టులో పై అక్షరం తప్ప చదవలేకపోతోంది. మా మామగారు పదేళ్లు శుక్లంతో ఉండి ఆపరేషన్ చేయించుకుంటే మర్నాడే పేపరు చదివారు. పాపకెందుకు రాలేదు? బాగున్న కంటికి ప్యాచ్ వేయమంటున్నారు. అదీ పాడవుతుందేమోనని భయంగా ఉంది. - ఒక తల్లి

జవాబు: మీ మామగారికి శుక్లం ముదిరేనాటికి ఆయన మెదడు కొన్ని దశాబ్దాలుగా చూస్తూ వచ్చింది. కంటి నుంచి మెదడుకు వెళ్లే దారులు ఎప్పుడో కుదురుకున్నాయి. ఆపరేషన్‌తో తెర తొలగింది, దారి అలాగే ఉంది, చూపు వచ్చేసింది. మీ పాప కంటికి తెర పడిన సమయానికి ఆ దారి ఇంకా పడనే లేదు. అది పడాల్సిన నెలల్లోనే కన్ను మూసుకుపోయింది. సర్జన్ కంటిని బాగు చేయగలిగారు. ఇప్పుడున్న లోటు కంట్లో కాదు, తల వెనక భాగంలో, చూపును అర్థం చేసుకునే మెదడు పొరలో ఉంది.

అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను. బిడ్డ పుట్టిన తొలి నెలల్లో ఆ పొరలోని నాడీకణాల మధ్య అతుకులు, అంటే సినాప్సులు, అవసరానికి మించి పుట్టుకొస్తాయి. ఎనిమిదో నెల ప్రాంతంలో ఇవి అత్యధికంగా ఉంటాయని, పదకొండేళ్లు వచ్చేసరికి అందులో సుమారు 40 శాతం పోతాయని హుటెన్‌లోకర్ అనే శాస్త్రవేత్త లెక్కించి చూపించాడు. ఈ పోవడమే సినాప్టిక్ ప్రూనింగ్. ఏది ఉండాలి, ఏది పోవాలి అన్నది చాలావరకు వాడకాన్ని బట్టి తేలుతుంది. పక్క కణాలతో కలిసి ఒకేసారి పనిచేసే అతుకు గట్టిపడుతుంది. తాళం తప్పినది బలహీనపడుతుంది. బలహీనపడిన వాటిలో కొన్నింటిని మెదడులోనే ఉండే మైక్రోగ్లియా అనే కణాలు మింగేస్తాయి. పదిమందీ నడిచిన చోట బాట పడి, నడవని చోట గడ్డి మొలిచినట్టే.

మీ పాప విషయంలో ఇంకో మెలిక ఉంది. రెండు కళ్ల నుంచి వచ్చే తంతువులూ మెదడులో ఒకే పొరలోకి చేరి పక్కపక్కనే సన్నటి పట్టీలుగా స్థలం పంచుకుంటాయి. ఎడమ కంటిది ఒక పట్టీ, కుడి కంటిది ఒకటి, మళ్లీ ఎడమ... ఇలా. 1960లలో హ్యూబెల్, వీసెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లికూనల మీద చేసిన ప్రయోగాలు ఈ పంపకం గుట్టు విప్పాయి. (1981లో వారికి నోబెల్ వచ్చింది.) పుట్టిన కొద్దిరోజులకే కూన ఒక కంటి రెప్పను కుట్టేసి, రెండు మూడు నెలల తర్వాత తెరిచారు. కన్ను బాగానే ఉంది. మెదడులో మాత్రం దాదాపు అన్ని కణాలూ తెరిచి ఉంచిన కంటికే స్పందించాయి. పెద్ద పిల్లికి అన్నే నెలలు కన్ను మూసినా ఏమీ కాలేదు. మీ మామగారి కథ ఇదే.

ఆ తర్వాత రెండు కళ్లూ మూసి చూశారు. నష్టం రెట్టింపు అవుతుందనుకుంటాం కదా? కాలేదు. కొన్ని కణాలు గజిబిజిగా స్పందించినా, చాలా కణాలు రెండు కళ్లతోనూ సంబంధం నిలుపుకున్నాయి. అంటే ఒక కన్ను చూపు కోల్పోయేది కేవలం వాడకం లేక కాదు, పక్క కంటితో పోటీలో ఓడిపోయి. ఖాళీగా ఉన్న స్థలాన్ని బాగున్న కన్ను ఆక్రమించుకుంటుంది. పైగా పూర్తిగా మూగబోయిన కంటికన్నా, మసకమసక సంకేతాలు పంపే కన్నే ఈ పోటీలో త్వరగా వెనకబడుతుందని తర్వాతి ప్రయోగాలు చెప్పాయి. దట్టమైన శుక్లం చేసేది సరిగ్గా అదే. వెలుతురు లోపలికి వెళ్తుంది, బొమ్మ వెళ్లదు.

అందుకే రెండు కళ్లలోనూ శుక్లంతో పుట్టిన బిడ్డకు ఎనిమిది, పది వారాల వరకు కాస్త వ్యవధి ఉంటే, ఒక కంట్లోనే ఉన్న బిడ్డకు ఆరు వారాల్లోపు ఆపరేషన్ అయిపోవాలని చూస్తాం. రెండు కళ్లకూ చేయాల్సినప్పుడు కూడా రెంటి మధ్య ఎక్కువ రోజులు పోనివ్వం. ముందు తెరిచిన కన్ను స్థలం ఆక్రమిస్తుందన్న భయంతోనే. మీరు మూడో నెలలో గమనించారు, అయిదో నెలలో చేయించారు. ఇందులో మీ తప్పేమీ లేదు. పుట్టిన కొద్దిరోజుల్లో చీకటి గదిలో చిన్న పరికరంతో కంటిలోకి వెలుతురు వేసి, ఎర్రటి మెరుపు కనిపిస్తోందా అని చూస్తే అప్పుడే తెలిసేది. ఆ పరీక్ష బిడ్డ బాధ్యత చూసిన వైద్యులు చేయాల్సింది.

ఇక ప్యాచ్. పోటీలో గెలిచిన కంటిని రోజూ కొన్ని గంటలు పక్కన కూర్చోబెట్టి, ఓడిన కంటికి మైదానం వదిలిపెట్టడమే దాని పని. చూపు దారులు పడే కీలక దశ నాలుగేళ్లకు తొలి నెలల్లో ఉన్నంత తీవ్రంగా ఉండదు, కానీ మూసుకుపోనూ లేదు. ఏడెనిమిదేళ్ల దాకా మెదడు ఇంకా వంగుతుంది. పోయిన స్థలం మొత్తం తిరిగి రాదు. రెండు కళ్లతో కలిపి లోతును అంచనా వేసే చూపు మీ పాపకు వస్తుందని నేను ఆశ పెట్టను. రెండు మూడు వరసలు కిందికి చదవగలిగితే అది నిజమైన లాభం. ఎందుకంటే రేపు ఏదైనా దెబ్బతో కుడి కన్ను పోతే, పాప నడిచేది ఆ ఎడమ కంటితోనే.

గంటలు మీ డాక్టర్ చెప్పినన్నే, సొంతంగా పెంచొద్దు. ఎడమ కంట్లో లెన్స్ పెట్టాకే ప్యాచ్ వేయాలి. లెన్స్ లేకుండా వేస్తే ఆ కంటికి మళ్లీ మసకే చూపించినట్టు. అద్దాల మీద గుడ్డ కట్టొద్దు, పిల్లలు పక్కనుంచి తొంగిచూస్తారు. చర్మానికి అంటుకునేదే వాడండి. మొదట్లో ఏడుస్తుంది. ఆ ఏడుపులో ఒక పరీక్ష కూడా దాగి ఉంది. ఎడమ కంటిని చేత్తో మూసి చూడండి, పట్టించుకోకుండా ఆడుకుంటుంది. కుడి కంటిని మూయండి, మీ చేయి నెట్టేస్తుంది. కొన్ని నెలల తర్వాత కుడి కన్ను మూసినా అంతగా గింజుకోకుండా చిన్న పూస ఏరగలిగిందంటే, ఎడమ కన్ను పనిలో పడిందని అర్థం.

మీ భయం పూర్తిగా అర్థం లేనిదేమీ కాదు. అతిగా మూస్తే బాగున్న కంటి చూపు తాత్కాలికంగా తగ్గడం చూస్తుంటాం. తగిన గంటలు వేసి, చెప్పిన తేదీకి వెళ్లి రెండు కళ్లూ విడివిడిగా పరీక్ష చేయిస్తే అది ముందే బయటపడుతుంది. గంటలు తగ్గిస్తే సాధారణంగా తిరిగి వచ్చేస్తుంది. అదే రోజు ఎడమ కంట్లో ఒత్తిడి కూడా కొలిపించండి. పసితనంలో శుక్లం తీసిన కళ్లకు ఏళ్ల తర్వాత కూడా నీటికాసులు రావచ్చు. కుడి కంటికి పవర్ లేకపోయినా పగలని పాలికార్బనేట్ అద్దాలు ఎప్పుడూ పెట్టి ఉంచండి.