వాటర్ ప్యూరిఫయర్ అమ్మడానికి తలుపు తట్టాక మాట ఎలా మొదలుపెట్టాలి? “మాకు మున్సిపల్ నీళ్లే, ఆర్‌ఓ ఎందుకు?” అంటే ఏం చెప్పాలి?

ముందు ఆ ఇంట్లో తాగేది ఏ నీరో అడిగి, అందులో కరిగిన లవణాల మొత్తం, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే, పరీక్షలో ఫ్లోరైడ్, నైట్రేట్ వంటివి ఎక్కువగా తేలనంతవరకు యూవీ యంత్రమే చాలని చెప్పాలి.

ఆర్‌ఓ కరిగిన లవణాలను తగ్గిస్తుంది, యూవీ క్రిములను నిర్వీర్యం చేస్తుంది. లవణాలు తక్కువగా ఉన్న నీటికి ఆర్‌ఓ బిగిస్తే కొత్తగా దక్కేది స్వల్పం, బయటికి పోయే నీరు మాత్రం ఎక్కువ.

గుంటూరులో ఒక అపార్ట్‌మెంట్ తలుపు తీశారనుకుందాం. “నమస్కారం అమ్మా, తాగడానికి కుళాయి నీళ్లు పడతారా, బోరువా, క్యాన్ తెప్పిస్తారా?” అని అడగండి. “కుళాయివేనండీ, వేసవిలో బోరు కలుపుతారు” అన్నారు. వంటింటి కుళాయి నీటిలో టీడీఎస్ మీటరు 280, బోరు నీటిలో 1,100 చూపింది. అప్పుడు, “ఈ కుళాయి నీటికి యూవీ చాలమ్మా, బోరు నీళ్లు కూడా తాగాల్సి వస్తేనే ఆర్‌ఓ తీసుకోండి” అనడం నిజాయితీ గల మాట, నమ్మకం కూడా దానితోనే కుదురుతుంది.

టీడీఎస్ ఎంత తగ్గితే నీరు అంత శుభ్రమన్నది చాలామంది అపోహ. ఆ మీటరు క్రిములను చూపదు, కాబట్టి అంకె తక్కువగా ఉన్న నీటిలోనూ అవి ఉండవచ్చు. గ్లాసులో రెండు కడ్డీలు ముంచి కరెంటు పెట్టి నీటిని గోధుమ రంగుకు మార్చే ప్రదర్శన అయితే అసలు చేయకూడదు. ఆ రంగు ప్రధానంగా ఇనుప కడ్డీ నుంచి కరిగి వచ్చినదే, లవణాలు తక్కువైన ఆర్‌ఓ నీటిలో కరెంటు సరిగా పారదు కనుక అక్కడ రంగు మారదు.