ఓడీ ఆగిందంటే పెరుగుదల ఆగినట్టేనా? తగ్గలేదంటే కణాలు బతికున్నట్టేనా?

ప్రశ్న: ఈ.కోలైని ఎల్‌బీలో పెంచుతున్నాను. 600 నానోమీటర్ల దగ్గర ఓడీ 0.1తో మొదలై 1.7 దాకా చక్కగా ఎక్కింది. ఆ తర్వాత అరగంటకోసారి చూస్తే కొంచెమే పెరుగుతోంది. స్టేషనరీ ఫేజ్ వచ్చేసినట్టేనా? ఇంకో ఫ్లాస్కులో కానామైసిన్ వేశాను, రెండు గంటలైనా ఓడీ తగ్గలేదు. మందు పనిచేయలేదనుకోవాలా?

జవాబు:

రెండింటికీ ఇప్పుడే అవునని రాసుకోకండి. ఈ రెండు పొరపాట్లూ నేను చేశాను. మొదటిదాని వల్ల ఒక గ్రోత్ కర్వ్ మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది. రెండోదాని వల్ల మందుకు లొంగిపోయిన స్ట్రెయిన్‌ని రెసిస్టెంట్ అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ముందు మెషిన్ ఏం చూస్తోందో చెప్తాను. రంగు ద్రావణాల్లో అణువులు కాంతిని పీల్చుకుంటాయి. బ్యాక్టీరియా 600 దగ్గర కాంతిని దాదాపు పీల్చుకోదు, పక్కలకు చెదరగొడుతుంది. క్యువెట్‌లోంచి తిన్నగా వెళ్లాల్సిన కిరణం ఒక కణాన్ని తాకి దారి మళ్లితే అది డిటెక్టర్‌కి చేరదు. మెషిన్ దాన్ని పోయిన కాంతిగా లెక్కేసి ఈ సూత్రంలో పెడుతుంది:

```
OD = log10(I0 / I)
```

I0 ఖాళీ మీడియంలోంచి వచ్చిన కాంతి, I మీ కల్చర్‌లోంచి వచ్చిన కాంతి. కణాలు పలచగా ఉన్నప్పుడు ఒక్కో కిరణం మహా అయితే ఒక కణాన్నే తాకుతుంది. అప్పుడు కణాలు రెట్టింపైతే ఓడీ కూడా రెట్టింపవుతుంది. కల్చర్ చిక్కబడ్డాక, ఒకసారి పక్కకు పోయిన కిరణం దారిలో ఇంకో కణాన్ని తాకి, ఆపైన మరొకదాన్ని తాకి, చివరికి మళ్లీ డిటెక్టర్ వైపే తిరిగి రావచ్చు. మెషిన్‌కి ఆ సంగతి తెలియదు. వచ్చిన కాంతంతా అడ్డం లేకుండా వచ్చిందనే అనుకుంటుంది. అందుకే చిక్కటి కల్చర్‌లో ఓడీ ఎప్పుడూ అసలు కంటే తక్కువే చూపిస్తుంది, ఎక్కువ చూపించదు.

దీనికి మెషిన్ పరిమితి కూడా తోడవుతుంది. ఓడీ 1 అంటే కాంతిలో పదో వంతే డిటెక్టర్‌కి చేరుతోంది. 2 అంటే నూరో వంతు, 3 అంటే వెయ్యో వంతు. అంత కొద్ది కాంతిని కొలిచేటప్పుడు మెషిన్ లోపల అటూ ఇటూ తిరిగే చిల్లర కాంతే పెద్దదై కూర్చుంటుంది. స్క్రీన్ మీద 2.10 అని మూడు అంకెలతో కనబడినా ఆ అంకెల వెనక బలం లేదు.

మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్‌లో, 1 సెం.మీ. క్యువెట్‌తో, దాదాపు 0.4 దాకా నమ్మొచ్చు. కానీ ఇది మెషిన్‌ని బట్టి మారుతుంది, ఎందుకంటే క్యువెట్‌కీ డిటెక్టర్‌కీ మధ్య దూరాన్ని బట్టి, కొద్దిగా చెదిరిన కాంతి ఎంత లోపలికి వస్తుందో మారిపోతుంది. ఒకే ట్యూబును పక్కపక్కనున్న రెండు మెషిన్లలో పెడితే రీడింగులు కలవకపోవడం నేను చాలాసార్లు చూశాను. అందుకని మీ మెషిన్ హద్దు మీరే తెలుసుకోండి. చిక్కటి కల్చర్ తీసుకుని ఓడీ చూడండి. అదే మీడియంతో సగానికి సగం పలచన చేసి మళ్లీ చూడండి, దాన్ని మళ్లీ సగం చేయండి. పలచన చేసినప్పుడల్లా రీడింగు సరిగ్గా సగం అవుతుంటే మీరు హద్దులోనే ఉన్నారు. 1.6 ఉన్నది 0.8 కాకుండా 1.0 అయిందంటే ఆ 1.6 నమ్మదగ్గది కాదు. అరగంట పని, ఒక్కసారి చేసుకుంటే చాలు.

ఇప్పుడు నా కర్వ్ సంగతి. నాదీ ఈ.కోలై, ఎల్‌బీ, 37 డిగ్రీలే. మొదటిసారి పలచన చేయకుండా కొలిచాను. 90 నిమిషాలకు 0.74, 120కి 1.22, 150కి 1.75, 180కి 2.1 వచ్చాయి. చివరి అరగంటలో 1.75 నుంచి 2.1, అంటే పెరిగింది ఇరవై శాతమే. ఆ లెక్కన రెట్టింపు కావడానికి దాదాపు 114 నిమిషాలు పడుతోంది. కల్చర్ ఆగిపోయిందని నిర్ణయించుకుని ఫ్లాస్కును తీసేశాను.

రెండోసారి అవే సమయాల్లో పలచన చేసి కొలిచాను. 90 నిమిషాలకు పది రెట్లు పలచన చేస్తే 0.080, అంటే అసలు 0.80. 120కి 1.55, 150కి 2.7. 180కి ఇరవై రెట్లు పలచన చేస్తే 0.205, అంటే 4.1. చివరి అరగంటలో 2.7 నుంచి 4.1, యాభై శాతం పైనే. రెట్టింపు సమయం 50 నిమిషాలు. మొదట్లో అది 30 నిమిషాలు కాబట్టి కల్చర్ నిజంగానే నెమ్మదించింది, అందులో అబద్ధం లేదు. ఎల్‌బీలో అది చాలా ముందే మొదలవుతుంది. కానీ స్టేషనరీకి ఇంకా చాలా దూరంలో ఉంది. నేను చూసిన 'ఆగిపోవడం'లో కొంత బ్యాక్టీరియాది, ఎక్కువ భాగం డిటెక్టర్‌ది. మీ 1.7 కూడా ఇదే కోవలోది కావచ్చు.

పలచన చేసేటప్పుడు రెండు చిన్న సంగతులు. పది రెట్లు అంటే 100 మైక్రోలీటర్ల కల్చర్‌కి 900 మైక్రోలీటర్ల మీడియం. చాలామంది అలవాటుగా 1000 పోసేస్తారు, అది పదకొండు రెట్లవుతుంది, లెక్క తొమ్మిది శాతం తక్కువ వస్తుంది. రెండోది, మరీ పలచన చేయకండి. రీడింగు 0.1కీ 0.4కీ మధ్య పడేలా చూసుకోండి. మెషిన్‌లో 0.003 తేడా మామూలే. రీడింగు 0.15 అయితే అది రెండు శాతం తప్పు, 0.015 అయితే ఇరవై శాతం. పలచన చేయడానికి వాడిన మీడియంతోనే బ్లాంక్ పెట్టాలి. క్యువెట్‌ను పెట్టే ముందు పైకీ కిందకీ తిప్పి కలపండి, బుడగ ఉంటే తట్టి పోగొట్టండి.

ఇక కానామైసిన్ ఫ్లాస్కు. ఇక్కడే నేను నిజంగా దెబ్బతిన్నాను.

కాంతిని చెదరగొట్టేది కణం శరీరం. అది బతికుందా లేదా అన్నది కాంతికి పట్టదు. కానామైసిన్ రైబోజోమ్‌ని పట్టుకుని తప్పు ప్రోటీన్లు తయారయ్యేలా చేస్తుంది, కణం చనిపోతుంది. కానీ చాలా కణాల్లో గోడ వెంటనే పగలదు, ఆకారం అలాగే నిలిచి ఉంటుంది. చచ్చిన కణాలతో నిండిన ఫ్లాస్కు, బతికి పెరగకుండా ఉన్న కణాలతో నిండిన ఫ్లాస్కు, ఈ రెండూ మెషిన్‌కి ఒకటే.

నేను ఓడీ 0.5 దగ్గర మందు వేశాను. రెండు గంటల తర్వాత 0.6 ఉంది. తగ్గలేదు కాబట్టి రెసిస్టెంట్ అని రాశాను. మా గైడ్ నోట్‌బుక్ చూసి ఒకటే అడిగారు: "ప్లేట్ చేశావా?" చేయలేదు. మర్నాడు మళ్లీ పెట్టి, ఈసారి మందు వేసే ముందూ, రెండు గంటల తర్వాతా ప్లేట్ చేశాను. ముందు తీసినదాన్ని పది లక్షల రెట్లు పలచన చేసి 0.1 ఎంఎల్ పరిస్తే 40 కాలనీలు వచ్చాయి. అంటే ఎంఎల్‌కి 40 కోట్లు. రెండు గంటల తర్వాతిది అదే పలచనలో పరిస్తే ప్లేట్ ఖాళీ. నూరు రెట్లు మాత్రమే పలచన చేసిన ప్లేట్‌లో 52 కాలనీలు. అంటే ఎంఎల్‌కి 52 వేలు. ఓడీ కొంచెం పెరిగి కూర్చున్న ఆ రెండు గంటల్లో, కాలనీ కట్టగల కణాలు ఏడు వేల రెట్లకు పైగా పడిపోయాయి. ఆ ఖాళీ ప్లేట్‌ను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాను. (తక్కువ పలచనలో పరిచేటప్పుడు మందు కూడా ప్లేట్‌లోకి పోతుంది. అందుకే కణాలను సెంట్రిఫ్యూజ్ చేసి, మందు లేని ద్రావణంలో ఒకసారి కడిగి పలచన చేశాను.)

అన్ని మందులూ ఇలా ఉండవు. ఆంపిసిలిన్ లాంటివి గోడ కట్టడాన్ని ఆపేస్తాయి, కణం పగిలిపోతుంది, అందుకే కాసేపటికి ఓడీ నిజంగానే పడిపోతుంది. సెఫలెక్సిన్ వేస్తే కణం రెండుగా విడిపోలేక పొడుగ్గా దారంలా సాగుతుంది. ఓడీ పెరుగుతూనే ఉంటుంది, కణాల సంఖ్య పెరగదు. ఓడీని కణాల సంఖ్య అనుకోవడం కంటే, ఆకారం నిలిచి ఉన్న పదార్థం ఎంత ఉందో చెప్పే అంకె అనుకుంటే ఈ మూడూ అర్థమవుతాయి. ఈ.కోలైకి ఓడీ 1 అంటే ఎంఎల్‌కి 80 కోట్ల కణాలు అన్న లెక్క చాలాచోట్ల వాడతారు. బాగా పెరుగుతున్న కణం లావుగా ఉంటుంది, ఆకలితో ఉన్నది చిన్నగా ఉంటుంది కాబట్టి, ఆ అంకెను మీ స్ట్రెయిన్‌కి, మీ మెషిన్‌కి ప్లేట్ చేసి సరిచూసుకోకుండా వాడకండి.

ప్లేట్ కూడా అంతా చెప్పదు. గొలుసుగా అతుక్కున్న కణాలు ఒక్క కాలనీగా లెక్కకొస్తాయి. బతికుండీ ఆ ప్లేట్ మీద పెరగని కణాలు అసలు కనబడవు. అందుకే ఓడీ, ప్లేట్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

చచ్చిన కణాల వల్ల ఇంకో చిక్కుంది, కర్వ్ మొదట్లో. చాలా రోజులు నిలవున్న కల్చర్‌ని ఓడీ చూసి ఇనాక్యులమ్‌గా వేశారనుకోండి. అందులో పదిలో తొమ్మిది చచ్చి ఉంటే, మీరు వేసింది నిజానికి పదో వంతే. ఆ పదో వంతు పదింతలు కావడానికి 3.3 సార్లు రెట్టింపవ్వాలి. 30 నిమిషాలకోసారి అంటే దాదాపు 100 నిమిషాలు. చచ్చిన కణాల ఓడీ కింద ఉండిపోయి, పైన పెరుగుతున్నది కనబడదు కాబట్టి, కర్వ్‌లో అది పొడవాటి లాగ్ ఫేజ్‌లా కనిపిస్తుంది. లాగ్ మీద ఏదైనా చెప్పాలనుకుంటే ఇనాక్యులమ్‌ని కూడా ప్లేట్ చేయండి.

ఇప్పుడు మీ రెండు ఫ్లాస్కులూ ఇంకా షేకర్ మీద ఉంటే, మొదటిదాన్ని ఇరవై రెట్లు పలచన చేసి ఓడీ చూడండి, అరగంటాగి మళ్లీ అలాగే చూడండి. రెండోదాన్ని మాత్రం పారబోయకండి. ఒక ఎంఎల్ తీసి, కడిగి, నూరు రెట్ల నుంచి పది లక్షల రెట్ల దాకా వరుసగా పలచన చేసి అన్నీ ప్లేట్ చేయండి. మందు వేయని ఫ్లాస్కు ఉంటే దాన్ని కూడా అదే పూట పరవండి.