టెక్ సందేహాలు: దగ్గరి ధర అడిగితే కింది ధర ఇస్తోంది

ప్రశ్న: మాది రెడీమేడ్ బట్టల షాపు. 299, 399, 499, 699, 999, 1499 – ఈ ఆరు ధరల్లోనే ట్యాగులు వేస్తాం. కొన్న రేటుకు లాభం కలిపితే 680 వచ్చింది. ఎక్సెల్‌లో VLOOKUP పెడితే 499 చూపిస్తోంది. 699 కదా దగ్గర? ఫార్ములా తప్పా, నా షీట్ తప్పా?

జవాబు: మీ షీట్‌లో తప్పేం లేదు. VLOOKUP చివరి భాగం అసలు రాయకుండా వదిలేస్తే అది దగ్గరిది వెతకదు. మీ అంకెను దాటకుండా ఉన్నవాటిలో పెద్దది పట్టుకుని అక్కడే ఆగిపోతుంది. 680కి పైనున్న 699 వైపు అది చూడనే చూడదు. కొత్తగా వచ్చిన XLOOKUPలోనూ కిందిదో, పైదో అడగొచ్చు గానీ, రెండింటిలో ఏది దగ్గరైతే అది ఇవ్వమనే వీలు లేదు. కాబట్టి ప్రతి ధరకూ మీ అంకెకూ ఉన్న తేడా తీయించి, అందులో చిన్న తేడా ఎక్కడుందో మనమే వెతికించుకోవాలి. ధరలు A2 నుంచి A7 వరకు, మీ లెక్క D2లో ఉంటే E2లో ఇది రాయండి:

```
=INDEX($A$2:$A$7,MATCH(MIN(ABS($A$2:$A$7-D2)),ABS($A$2:$A$7-D2),0))
```

499తో తేడా 181, 699తో 19. చిన్నది 19 కాబట్టి 699 వస్తుంది. పాత వెర్షన్ అయితే ఫార్ములా రాశాక Enter బదులు Ctrl+Shift+Enter నొక్కాలి. జాబితా వరుసలో ఉండాల్సిన పని లేదు.

లెక్క 599 వచ్చిందనుకోండి. అటు వంద, ఇటు వంద. అప్పుడు జాబితాలో ముందున్నది గెలుస్తుంది, అంటే 499కే అమ్ముతారు. పై ధర కావాలంటే జాబితాను పెద్ద నుంచి చిన్నకు పేర్చండి. ఇంకో చిక్కు, తర్వాత పనికొస్తాయని కింద ఖాళీ గడులు కూడా కలిపేసుకోవడం. ఖాళీ గడిని ఈ ఫార్ములా సున్నా కింద లెక్కేస్తుంది. చేతిరుమాళ్ల లెక్క 120 వస్తే 299తో తేడా 179, ఖాళీతో 120. ట్యాగు మీద సున్నా పడుతుంది.

ధర తప్పితే వంద, రెండొందలు పోతాయి. నా బెంగ వేరే. ఇదే VLOOKUPను ఇదే అలవాటుతో సరుకు ఇచ్చేవాళ్ల బ్యాంకు ఖాతాలు తెచ్చుకోడానికి వాడేవాళ్లు చాలామంది. జాబితాలో 1041, 1043, 1050 కోడ్‌లు ఉన్నాయి. కొత్త వ్యాపారి 1044ని ఇంకా ఎక్కించలేదు. చివర 0 పెట్టకపోతే షీట్ చడీచప్పుడు లేకుండా 1043 ఖాతా నంబర్ తెచ్చి పెడుతుంది. నెఫ్ట్‌లో డబ్బు జమయ్యేది ఖాతా నంబర్‌ను బట్టే. పంపేముందు పేరు చూసుకునే వసతి 2025 ఏప్రిల్ 1 లోపు ఇవ్వాలని బ్యాంకులకు రిజర్వ్ బ్యాంక్ చెప్పింది సరే, ఆ పేరు వైపు కన్నెత్తి చూసేవాడుంటేనే కదా ఉపయోగం! కోడ్‌లు, ఖాతాలు, ఫోన్ నంబర్లు వెతికేటప్పుడు ఇలాగే రాయాలి:

```
=VLOOKUP(D2,$A$2:$B$50,2,0)
```

దొరకనప్పుడు #N/A వస్తుంది. రానివ్వండి. షీట్ అసహ్యంగా కనిపిస్తోందని ఆ సున్నా తీసేసేవాళ్లను ఏమనాలో నాకు తెలీదు. అసలు తప్పు ఫార్ములా తయారుచేసినవాళ్లది. ఏమీ చెప్పకపోతే కచ్చితంగా సరిపోయిందే ఇవ్వాలి గానీ, ఉజ్జాయింపు ఇవ్వడమేంటి? XLOOKUPలో ఆ పద్ధతి మార్చారు, కానీ పాత షీట్లు ఆఫీసుల్లో అలాగే తిరుగుతున్నాయి.

షాపింగ్ యాప్‌లదీ ఇదే వరస. ఐదొందల లోపు చూపించమంటే, లేవని చెప్పడానికి నోరు రాదు. ఏడొందలవి తెచ్చి వరసగా పేరుస్తాయి. దగ్గరిది చూపించడం తప్పు కాదు, ఎంత దూరంలో ఉందో చెప్పకపోవడం తప్పు.

మీ షీట్ ఆ పని చేయకుండా F2లో ఈ వరస పెట్టుకోండి:

```
=IF(ABS(E2-D2)>50,"చూడాలి",E2)
```

680కి తేడా 19, కాబట్టి 699 అలాగే వస్తుంది. 599కీ, సున్నా పడిన 120కీ "చూడాలి" అని వస్తుంది. 50 అనేది నేను పెట్టిన హద్దు. మీ లాభం ఎంత తేడాను తట్టుకోగలదో చూసి మార్చుకోండి. 999కి, 1499కి మధ్య ఎడం ఎక్కువ కాబట్టి అక్కడ ఖరీదైన బట్టలు చాలావరకు "చూడాలి"లోనే పడతాయి. వాటి ట్యాగు మీరే నిర్ణయించండి.