అన్నీ మొదటి గడిలోకే వస్తుంటే ఏం చేయాలి?

ప్రశ్న: చెన్నైలో ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ నేనొక్కడినే చూస్తాను. పొద్దున కూర్చున్న దగ్గర్నుంచి ఫోన్లే. అర్జెంట్, ముఖ్యం అని నాలుగు గళ్లు గీసి చూశాను. అన్నీ 'అర్జెంట్, ముఖ్యం' గడిలోకే పోతున్నాయి. ఇంకేదైనా దారి ఉందా?

జవాబు: నేనూ ప్యారీస్ కార్నర్‌లో ఒక ట్రేడింగ్ కంపెనీలో ఇదే పని చేస్తున్నాను. ఐసెన్‌హోవర్ పేరుతో తిరిగే ఆ నాలుగు గళ్లలో ఒకటి 'వేరేవాళ్లకి అప్పగించు' అంటుంది. ఒక్కరే ఉన్న ఆఫీసులో ఎవరికి అప్పగిస్తాం? అందుకే నేను గళ్లు గీయడం మానేసి, ప్రతి పనికీ ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఇది సాయంత్రం ఐదింటికి చేస్తే ఎవరికి ఎంత నష్టం?

మామూలుగా 18వ తేదీ మా టేబుల్ ఇలా ఉంటుంది. గోడౌన్‌లో నెల్లూరు లోడు ఎక్కించిన లారీకి ఈ-వే బిల్లు కావాలి. ఓనరు గారు ఔట్‌స్టాండింగ్ లిస్టు "అర్జెంట్" అన్నారు. ఒక సప్లయరు పేమెంటు కోసం మూడోసారి ఫోన్ చేస్తున్నాడు. నెలనెలా పన్ను కట్టే జీఎస్టీ రిటర్ను, జీఎస్టీఆర్-3బి, ఇంకా ఫైల్ కాలేదు, గడువు 20. వీటిలో ఆ గంటలోనే చేయాల్సింది ఈ-వే బిల్లు ఒక్కటే. సరుకు విలువ యాభై వేలు దాటింది, పక్క రాష్ట్రానికి వెళ్తోంది. బిల్లు లేకుండా కదిలితే దారిలో బండిని ఆపేస్తారు. ఓనరు గారిని "ఎప్పటికి కావాలి సార్?" అని అడిగితే, "సాయంత్రం బ్యాంకు వాళ్లు వస్తారు, ఆ లోపు" అంటారు. అంటే భోజనం అయ్యాక చేసుకోవచ్చు. ఇలా టైము అడగడం ఎదురు చెప్పడం కాదు, చాలామంది మొహమాటపడి అడగరు అంతే. సప్లయరుకి పేమెంటు ఏ రోజు పడుతుందో ఒకసారి తేదీ చెప్పేస్తే నాలుగో ఫోన్ రాదు.

ఇక మిగిలింది 3బి. అది నిజంగానే మంట. కానీ అది 18న పుట్టింది కాదు. మనం 3 లక్షల సరుకు కొంటే 18 శాతం చొప్పున 54,000 ఇన్‌పుట్ క్రెడిట్ రావాలి, అంటే మనం కట్టాల్సిన జీఎస్టీలో అంత తగ్గాలి. సప్లయరు తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1ని 11వ తేదీ లోగా ఫైల్ చేయకపోతే ఆ బిల్లు, మన క్రెడిట్ లెక్క చూపిస్తూ 14న పోర్టల్లో తయారయ్యే 2బిలో కనపడదు. 2బిలో లేని క్రెడిట్ ఈ నెల వాడుకోకూడదు. ఆ 54,000 మన బ్యాంకులోంచి కట్టి, అతను ఫైల్ చేశాక వచ్చే రిటర్నులో తీసుకోవాలి. ఈ సంగతి 18న బయటపడితే ఓనరు గారికి కోపం, మనకి టెన్షన్, సప్లయరుకి వరసగా ఫోన్లు. అప్పుడు సప్లయరు పరుగెత్తి ఫైల్ చేసినా లాభం లేదు, అది వచ్చే నెల 2బిలోనే పడుతుంది.

కాబట్టి ముఖ్యమైన పని 18న కాదు, 6 నుంచి 10 మధ్య ఉంది. ఆ రోజుల్లో పొద్దున ఫోన్లు మొదలయ్యే ముందు ఒక అరగంట పెట్టుకోండి. సప్లయర్లందరినీ పట్టుకోనక్కర్లేదు. పన్ను మొత్తం ఎక్కువగా ఉన్న బిల్లులు పైనుంచి కిందికి వచ్చేలా పర్చేజ్ రిజిస్టరును సార్ట్ చేస్తే, క్రెడిట్‌లో పెద్ద వాటా నలుగురైదుగురి దగ్గరే ఉందని తెలుస్తుంది. వాళ్లకి బిల్లు నంబరు, తేదీ, మన జీఎస్టీ నంబరు రాసి వాట్సాప్‌లో పంపండి. మన నంబరు బదులు వేరేవాళ్ల నంబరు పడితే బిల్లు వాళ్ల ఖాతాలోకి పోతుంది, అందుకే అది తప్పకుండా రాయండి. సప్లయరు ఫైల్ చేశాడో లేదో, ఎప్పటికప్పుడు మారుతుండే 2ఎ స్టేట్‌మెంటులో చూస్తే తెలుస్తుంది. 2బి కోసం 14 వరకు ఆగనక్కర్లేదు.

ప్రతి నెలా ఆలస్యం చేసే సప్లయరు ఒకడుంటాడు. మెసేజీలు వాడి మీద పనిచేయవు. 2బిలో కనపడే వరకు బిల్లులో జీఎస్టీ మొత్తాన్ని ఆపి, మిగతాదే ఇచ్చే పద్ధతి పెట్టమని ఓనరు గారిని అడగండి. కొనే ముందే సప్లయరుకి ఈ మాట చెప్పాలి, లేకపోతే గొడవే. ఆ నిర్ణయం మీ చేతిలో లేదు నిజమే, కానీ పోయిన నెలల్లో ఆగిన క్రెడిట్ ఎంతో రూపాయల్లో కాగితం మీద చూపిస్తే వినని ఓనరు అరుదు.

టీడీఎస్‌కి కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. గడువు మరుసటి నెల 7, మార్చిలో కోసిన దానికి మాత్రం ఏప్రిల్ 30. కోసి కట్టడం ఆలస్యమైతే నెలకి 1.5 శాతం వడ్డీ. చలాను 5నే కట్టేస్తే ఆ పని 'అర్జెంట్' జాబితాలోకే రాదు.

మొదటి నెల మాత్రం ఇదంతా అమలు కాదు. పాత మంటలు 18 నుంచి 20 వరకు ఆర్పుకోవాల్సిందే. ఆ మూడు రోజుల్లో వచ్చిన ప్రతి గొడవ పక్కన, అది ఏ తేదీన ఆపగలిగేదో నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. ఆ తేదీలే వచ్చే నెల మీ క్యాలెండరులో పెట్టుకోవాల్సినవి.